అడుగమ్మా అంటే అడగని పిల్ల

ప్రశ్న: మా అక్క కూతురు డిగ్రీ చదువుకోడానికి గుణుపురం దగ్గరి పల్లె నుంచి వచ్చి పర్లాకిమిడిలో మా ఇంట్లో ఉంటోంది. 19 ఏళ్ళు. వచ్చి నాలుగు నెలలైంది. "ఏం కావాలన్నా అడుగమ్మా, మొహమాటపడకు, ఇది నీ ఇల్లే" అని రోజూ చెప్తాను. ఇంతవరకూ ఒక్కటీ అడగలేదు. మొన్న మూడు రోజులు జ్వరంతోనే కాలేజీకి వెళ్ళొచ్చింది, చెయ్యి తగిలితే గానీ నాకు తెలీలేదు. నెలసరికి పాతగుడ్డలు వాడుకుంటోందని నిన్న బట్టలు ఆరేస్తుంటే తెలిసింది. మా ఆయన "అడగందే అమ్మైనా పెట్టదు, నువ్వేం చేస్తావు?" అంటారు. మమ్మల్ని పరాయివాళ్ళనుకుంటోందేమో అని నాకు దిగులుగా ఉంది.
– ఒక పిన్ని, పర్లాకిమిడి

జవాబు: రేపట్నుంచి ఆ "ఏం కావాలన్నా అడుగు" అనే మాట మానేసి చూడండి. మీరు ప్రేమతోనే అంటున్నారు, అనుమానం లేదు. కానీ ఆ మాట వినగానే ఆ పిల్ల నెత్తిన ఎన్ని పనులు పడుతున్నాయో ఒకసారి చూడండి. మీ ఇంట్లో ఏమున్నాయో తనే తెలుసుకోవాలి. అందులో ఏది అడగొచ్చో, ఏది అడిగితే "అప్పుడే ఇంత చనువా" అనుకుంటారో ఊహించుకోవాలి. ఖర్చెంతో లెక్కేసుకోవాలి. మీరు ఖాళీగా ఉన్న సమయం చూసుకోవాలి. ఇంత చేశాక నోరు తెరిచి అనాలి, మీ మొహంలో ఏం కదులుతుందో చూడాలి. ధైర్యమున్న పిల్లకి ఇదంతా రెప్పపాటు పని. బిడియస్తురాలు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయి, "ఏం వద్దు పిన్నీ" అనేసి హమ్మయ్య అనుకుంటుంది.

ఎనిమిదో తరగతిలో నేనూ బరంపురంలో మేనమామ ఇంట్లో ఉండి చదువుకున్నాను. అత్త అచ్చం మీలాగే అనేది, మంచి మనిషి. చెప్పు తెగితే పిన్నీసు పెట్టుకుని నెల రోజులు బడికి నడిచాను. చివరికి అమ్మమ్మ చుట్టపుచూపుగా వచ్చినప్పుడు నా కాళ్ళకేసి చూసి, "బజారుకెళ్తున్నాను, నల్లవి తేనా, గోధుమరంగువి తేనా?" అంది. "నల్లవి" అన్నాను. అంతే. చెప్పులు కొనాలా వద్దా అన్నది ఆవిడే తేల్చేసింది. నాకు మిగిలింది రంగు ఒక్కటే. రంగు చెప్పడానికి ఎవరికి మొహమాటం?

మీ దిగులుకి ఇంకో సంగతి కూడా చెప్పాలి. వెనెస్సా బోన్స్, ఫ్రాన్సిస్ ఫ్లిన్ అనే ఇద్దరు పరిశోధకులు 2010లో దీని మీదే రాశారు. సాయం చెయ్యడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళు, అడగడంలో అవతలివాళ్ళకుండే ఇబ్బందిని తక్కువగా అంచనా వేస్తారట. అందుకే "అవసరమైతే వాళ్ళే వస్తారు" అని ధీమాగా ఉంటారట. మీ ఇంట్లో జరుగుతున్నది ఇదే. తను అడగకపోవడాన్ని మీరు ప్రేమకి కొలతగా తీసుకుంటున్నారు. అది ఇబ్బందికి మాత్రమే కొలత.

మీ ఆయన చెప్పిన సామెత అడగగలిగినవాళ్ళ విషయంలో నిజమే. కానీ మన భోజనాల పద్ధతి గుర్తుచేసుకోండి. వెనకటి ఇళ్ళలో "చాలు" అన్న మొదటి మాట ఎవరూ లెక్కచేసేవారు కాదు. మొదటి "వద్దు" మర్యాద కోసం, రెండోది మొహమాటం వల్ల, మూడోసారి కూడా అంటే అప్పుడు నిజంగా వద్దన్నట్టు. కొసరి కొసరి వడ్డించడమన్న అలవాటు బిడియస్తుల కడుపు నింపడానికి బాగా పనికొచ్చేది. (నిజంగా కడుపు నిండినవాడికి అది శిక్షే, ఆ సంగతి వేరు.) ఇప్పుడు మనం మర్యాదస్తులమైపోయాం, మొదటి "వద్దు"కే గరిటె వెనక్కి తీసుకుంటున్నాం. ఆ పిల్ల మాత్రం పాత లెక్కలోనే ఉంది, మళ్ళీ అడుగుతారులే అనుకుంటోంది. అందుకని "టీ తాగుతావా?" అనకండి, దానికి "వద్దు" అన్న జవాబు నాలుక మీద సిద్ధంగా ఉంటుంది. "టీ పెడుతున్నాను, నీకు టీయా, పాలా?" అనండి.

ఇక మీ ఇంట్లో ఒక్కొక్కటీ ఎలా మార్చాలో చెప్తాను. అన్నిటికీ ఒకే మందు లేదు.

నెలసరి సంగతి అసలు అడగొద్దు. రెండు రకాల ప్యాడ్లు, మామూలువి, పెద్దవి, తెచ్చి తనకి మాత్రమే కనపడే అలమారలో పెట్టండి. ఒకే ఒక్కసారి, ఏదో పని చేసుకుంటూ చెప్పండి: "ఇవి ఇక్కడుంటాయి. అయిపోవస్తే ఖాళీ కవరు ఇక్కడే వదిలేయ్, నేను తెస్తాను." ఇక్కడ ఎంపిక కూడా నోటితో అక్కర్లేదు, ఏ ప్యాకెట్టు తగ్గుతోందో మీకే తెలుస్తుంది. గుడ్డల మాట ఎత్తకండి. చూశానని తెలిస్తే ఆ సిగ్గుతో ఇంకో నాలుగు నెలలు గడిచిపోతాయి. ఒకవేళ గుడ్డే తనకి నచ్చితే వాడుకోనివ్వండి, ఉతికి ఎండలో ఆరేసుకునే చోటు ఒకటి చూపిస్తే చాలు.

డబ్బు దగ్గర "ఎంత కావాలి?" అన్నది అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. ఏ అంకె చెప్పినా ఎక్కువే అనిపిస్తుంది తనకి. అక్కతో మాట్లాడుకుని ప్రతి ఆదివారం ఇంత అని ఒక మొత్తం తేల్చి, అడగకుండానే చేతిలో పెట్టండి. లెక్క చెప్పమనకండి.

జ్వరం విషయంలో మాత్రం పరీక్షకి వెళ్ళాలా వద్దా అన్న ఎంపిక తనకి వదలకూడదు. మన కొండప్రాంతాల్లో మలేరియా ఉంది కాబట్టి జ్వరమంటే రక్తపరీక్షకి వెళ్ళడమే, మూడు రోజులు ఆగకూడదు. తనని అడగాల్సింది "పద, వెళ్దాం. నాతో వస్తావా, బాబాయితో వస్తావా?" అని మాత్రమే. ఇకమీదట "ఒంట్లో బాగుందా?" అని కూడా అడగకండి, దానికీ "బాగుంది" అన్న జవాబు సిద్ధం. "ఇవాళ మొహం వాడిపోయింది. తలనొప్పా, కడుపునొప్పా, నిద్ర చాలలేదా?" అనండి. థర్మామీటరు ఎక్కడుందో చూపించి ఉంచండి.

ఎంచుకోమని అడిగేటప్పుడు రెండు లేదా మూడు పేర్లు, అంతకుమించి చెప్పకండి. ఆరు పేర్లు చదివితే అది హోటల్లో సర్వరు పాఠం అవుతుంది, పిల్ల మళ్ళీ "ఏదైనా పర్లేదు"లోకి జారుకుంటుంది. పైగా ఆ రెండూ మీకు సమానమైన కష్టమే అయి ఉండాలి. "ఉప్మా ఉంది, లేదంటే నీకోసం అట్లు పోస్తాను" అన్నారనుకోండి, తను ఉప్మాయే అంటుంది. ఉప్మా అంటే ఇష్టమో కాదో మీకెప్పటికీ తెలీదు. పిండీ రవ్వా రెండూ సిద్ధంగా ఉన్నప్పుడే "ఉప్మానా, అట్లా?" అని అడగండి. లేకపోతే ఉన్నది పెట్టేయండి, అదీ మంచిదే.

ఈ పద్ధతిలో ఒక మోసం ఉంది, కనిపెట్టకపోతే మీరే మోసపోతారు. ఎంచుకోమన్నాం కదా అని మీరు సంతోషిస్తారు, తను మాత్రం మీకు నచ్చేది ఊహించి చెబుతుంటుంది, లేదా చివర విన్న మాట తిరిగి అప్పజెబుతుంది. తెలుసుకోడానికి వరస తిప్పండి. ఇవాళ "ఉప్మానా, అట్లా?" అంటే ఎల్లుండి "అట్లా, ఉప్మానా?" అనండి. ఒక వారం ఎప్పుడూ రెండోదే చెబుతుంటే అది ఎంపిక కాదు. అప్పుడు ప్రశ్న ఇంకా తేలిక చెయ్యాలి. రెండు గిన్నెలూ బల్ల మీద పెట్టి మీరు పెరట్లోకి వెళ్ళిపోండి. ఏది తగ్గిందో వచ్చి చూసుకోండి.

అడిగాక కాసేపు ఆగడం కూడా నేర్చుకోవాలి. ఇంట్లో బాగా మాట్లాడి బయట మూగబోయే పిల్లలుంటారు, దాన్ని సెలెక్టివ్ మ్యూటిజం అంటారు. మీ పిల్లకి అది ఉందనడం లేదు, ఉత్త బిడియం వేరు. కానీ ఆ పిల్లలతో పనిచేసే చికిత్సకుల పద్ధతి మనకి పనికొస్తుంది. అవును-కాదు ప్రశ్న వెయ్యరు. "ఎర్రదా, నీలమా?" లాంటివే వేసి కనీసం 5 సెకన్లు నోరు మెదపకుండా ఆగుతారు. వింటే 5 సెకన్లేనా అనిపిస్తుంది. వంటింట్లో నిలబడి లెక్కపెట్టి చూడండి, రెండో సెకనుకే మనం "సరే, ఉప్మాయే చేస్తాలే" అనేస్తాం. అలవాటైన కొద్దీ వాళ్ళు మెల్లిగా "ఏ రంగు?" అన్న తెరిచిన ప్రశ్నకి వెళ్తారు. మీరూ రెండు మూడు నెలలకి అటు జరగాలి. లేకపోతే మీరిచ్చిన రెండిట్లోనే బతకడం తనకి అలవాటైపోతుంది. మధ్య మెట్టు ఒకటుంది: "రేపు కూరకి రెండు పేర్లు నువ్వు చెప్పు, అందులో ఒకటి నేను చేస్తాను." రెండు చెప్పమన్నారు కాబట్టి ఏదీ తన పట్టుదలగా కనపడదు, అందుకే నోరు తెరుస్తుంది.

ఎప్పుడైనా తను ఏడుస్తూ కనిపిస్తే మాత్రం ఈ ఎంపికలు పక్కన పెట్టేయండి. "కాలేజీలో ఎవరైనా ఏడిపించారా? ఇంటి మీద బెంగా?" అని మీరు పేర్లు పెడితే, తేలికగా ఉన్నదానికి తలూపేస్తుంది, అసలుది లోపలే ఉండిపోతుంది. అక్కడ తెరిచిన ప్రశ్నే కావాలి, లేదా ప్రశ్నే వద్దు. చిక్కుడుకాయలో వేరుశనగకాయలో ముందు పోసుకుని పక్కన కూర్చుని ఒలుస్తూ ఉండండి. ఎదురుగా కూర్చోకండి. కళ్ళలో కళ్ళు పడనప్పుడు మాట తేలికగా వస్తుంది. ఆ పూట రాకపోతే ఇంకోపూట వస్తుంది.

ఒకరోజు మీరు "ఉప్మానా, అట్లా?" అంటే తను "గుగ్ని చేస్తావా పిన్నీ?" అనొచ్చు. ఆ క్షణంలో "అబ్బో, నోరు తెరిచిందండీ!" అని మీ ఆయన్ని పిలిచి నవ్వకండి. మళ్ళీ మూసేస్తుంది. బఠాణీలు నానబెట్టి లేకపోతే లేవని మామూలుగా చెప్పండి: "ఇవాళ కుదరదమ్మా, రాత్రికి నానబోస్తాను, రేపు పొద్దున్న చేస్తాను." ఆ రాత్రి మర్చిపోకుండా నానబోయండి.