బతిమాలే ముఖం, ఆనించిన వేళ్లు

*నాకు 26 ఏళ్లు. పెళ్లయి ఏడాదిన్నర. విశాఖలో ఒక ప్రైవేటు ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్‌లో పని చేస్తున్నాను. మా వారిది పరవాడ ఫార్మా కంపెనీలో షిఫ్టు డ్యూటీ. సిరిమాను పండక్కి విజయనగరంలో కన్నవారింటికి వెళ్దామని మా సూపర్‌వైజర్‌కి ‘సర్, మంగళవారం నా డ్యూటీ మార్చండి ప్లీజ్ 🥺👉👈’ అని వాట్సాప్ పెట్టాను. అది మా వారు చూసి, ‘ఏటిది? పరాయి మగాడికి ఈ వేళ్లు కలపడమేటి?’ అన్నారు. అయిదు రోజులుగా మాటల్లేవు. నేను అందరికీ అలాగే పెడతాను. నా జీతంలోంచి అమ్మకి 3,000 పంపాలన్నా ఆయనకి అవే పెడతాను. ఒకటికి నాలుగు పెడితే గానీ జవాబు రాదు. నేను చేసింది తప్పా?*

*— ఒక సోదరి, విశాఖపట్నం*

తప్పు కాదమ్మా. అలాగని మీ వారి కోపం శూన్యంలోంచి ఊడిపడిందీ కాదు. ఆ బొమ్మలు ఎక్కడివో ఆయనకి చెప్పగలిగితే సగం చిక్కు విడిపోతుంది. అందుకే అక్కడ మొదలుపెడతాను.

చూపుడు వేళ్ల బొమ్మలు ఎమోజీల్లో 2010 నుంచీ ఉన్నాయి. ఇటు చూడు, ఈ లింకు నొక్కు అని చూపించడానికే వాటిని వాడేవారు. కళ్లింత చేసుకుని చూసే ఆ ముఖం 2018లో వచ్చింది. దానికి పెట్టిన పేరే వేడుకునే ముఖం. దాని పక్కన కుడికి చూపే వేలు ముందు, ఎడమకి చూపే వేలు తర్వాత పెడితే రెండు కొసలూ ఆనినట్టు కనిపిస్తాయి. ఇలా జతచేసి రాయడం 2020 ప్రాంతంలో కుర్రకారులో బాగా పాకింది. జపాన్ కార్టూన్లలో సిగ్గరి పిల్ల ఏదైనా అడగాలనుకుని అడగలేక, చూపుడు వేళ్ల కొసలు ఒకదానికొకటి తాటిస్తూ నిలబడుతుంది. మీరు పెట్టింది ఆ అభినయమే. మన దగ్గర సిగ్గుపడ్డ పిల్ల కాలి బొటనవేలితో నేల రాస్తుంది, కొంగు కొస వేలికి చుట్టుకుంటుంది. వేళ్లు ఆనించుకోవడం మన సైగ కాదు. ఆ కార్టూన్లు చూడనివారికి అందులో సిగ్గు కనబడదు, రెండు వేళ్లు కలవడమే కనబడుతుంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. మగవాళ్ల స్నేహితుల గ్రూపుల్లో 👉👌 అనే జత తిరుగుతూ ఉంటుంది. అది బూతు. మొదటి వేలు రెండింటిలోనూ ఒకటే కాబట్టి, ఆయన మీ మెసేజ్‌ని దానితో కలిపి చదివి ఉండొచ్చు. నా దగ్గరికొచ్చిన ఒకాయన ఇలాగే పొరబడ్డాడు. ఆ మాట భార్య ముందు పలకడానికి సిగ్గేసి, కారణం చెప్పకుండానే పది రోజులు ముభావంగా తిరిగాడు. మీ ఇంట్లో అయిదు రోజుల మౌనం వెనక అదే ఉందేమో, మీరే ముందు అడిగి చూడండి.

మీ జత బూతు కాదు. కానీ సరసంలోనూ వాడతారన్నది నిజం. ఇష్టమని చెప్పలేక నసిగే కుర్రాళ్లూ అమ్మాయిలూ ఇవే పెడతారు. కాబట్టి బొమ్మ ఒక్కటే చూసి ఏమీ తేల్చలేం. దాని ముందున్న మాటలు చూడాలి, మిగతా వాళ్లకీ అలాగే పెడుతున్నారా అన్నది చూడాలి, అవతలి నుంచి ఏం వచ్చిందో చూడాలి. మీ మెసేజ్‌లో ఒక రోజు, ఒక డ్యూటీ తప్ప ఏమీ లేవు. మీ అమ్మగారికీ, స్నేహితురాళ్లకీ మీరు పెట్టిన పాత మెసేజ్‌లు ఒకసారి మీ అంతట మీరే ఆయనకి చూపించండి. ఒక్కసారే సుమా. రోజూ ఫోన్ తనిఖీ చేయించుకునే అలవాటుగా దాన్ని మారనివ్వకండి.

సూపర్‌వైజర్ ‘సరే, రోస్టర్ చూస్తాను’ అని ఉంటే అటువైపు గొడవే లేదు. ‘ఇంత ముద్దుగా అడిగితే కాదనగలనా’ లాంటిదేదైనా వచ్చి ఉంటే ఆయన దాన్ని వేరేగా తీసుకున్నట్టే. అప్పుడు పని మాటలే రాయండి, పాత మెసేజ్‌లు చెరిపేయకండి. ఏది వచ్చినా, డ్యూటీ చూసే మనిషికి ఈ బొమ్మలు వద్దు. పరాయి మగాడని కాదు, ఆ కుర్చీలో ఆడమనిషి ఉన్నా ఇదే చెబుతాను. ఆ ముఖం ‘నేను చిన్నదాన్ని, జాలిపడండి’ అంటుంది. జాలితో ఇచ్చిన సెలవు వచ్చే నెల ఇంకెవరో బతిమాలితే వాళ్లకి పోతుంది. ఇలా రాసి చూడండి: ‘సర్, మంగళవారం సిరిమానుకి మా ఊరు వెళ్లాలి. ఆ రోజు నా ఉదయం డ్యూటీ బదులు శుక్రవారం రాత్రి డ్యూటీ చేస్తాను. కుదురుతుందో లేదో శనివారంలోగా చెప్పగలరా?’ ఇందులో మర్యాదకి లోటు లేదు. బదులు ఏం చేస్తారో, జవాబు ఎప్పటికి కావాలో ఉన్నాయి కాబట్టి ఆయన ఏదో ఒకటి తేల్చక తప్పదు.

ఇక మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది సూపర్‌వైజర్ సంగతి కాదు, ఆ 3,000 సంగతి. అది మీరు కష్టపడి తెచ్చుకున్న జీతం. దాన్ని మీ అమ్మకి పంపడానికి వేడుకునే ముఖం ఎందుకమ్మా? పైగా ఒకటి చాలక నాలుగు! ఈ రాత్రి గత నెల మెసేజ్‌లు పైకి జరిపి లెక్కపెట్టండి. స్నేహితురాలికి ఒక్కసారే పెట్టి ఉంటారు. మీ వారికి పెట్టినవి జవాబు ఆలస్యమైనకొద్దీ పెరుగుతూ ఉంటాయి. ఒకటి ఉన్నచోట అది ఆట. నాలుగైదు ఉన్నచోట మీకు భయం ఉంది. ఏయే విషయాల దగ్గర పెరిగాయో ఒక కాగితం మీద రాసుకోండి.

ఆయన వైపు నుంచి కూడా చూడండి. షిఫ్టు మధ్యలో ఫోన్ తీస్తే ముద్దు ముఖం కనిపిస్తుంది. ఏదో గారం పోతోందనుకుని ఒక నవ్వు బొమ్మ పెట్టి జేబులో వేసుకుంటారు. ఆయన కాదన్నారని మీరు కుములుతారు, ఆయనకేమో మీరు అసలు అడిగినట్టే తెలియదు. ఆటలా అడిగినదాన్ని కాదనడం చాలా తేలిక, కాదన్నామన్న గుర్తు కూడా ఉండదు.

గారానికి అవి ఉంచుకోండి. సాయంత్రం వస్తూ మురీ మిక్స్చర్ తెమ్మనడానికి, బీచ్‌కి తీసుకెళ్లమనడానికి ఎన్ని పెట్టినా అందమే. డబ్బు, కన్నవారింటి ప్రయాణం, డాక్టరు దగ్గరికి వెళ్లడం — ఈ మూడూ ఫోన్‌లో అడగొద్దు, ఎదురుగా కూర్చుని చెప్పండి. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన పొద్దున వద్దు. నిద్ర లేచి భోజనం చేశాక, అత్తగారూ వాళ్లూ చుట్టూ లేనప్పుడు, ‘ఆ వేళ్లు చూసి మీరేమనుకున్నారు? నాకు చెప్పండి’ అని మొదలుపెట్టండి. ఆయన చెప్పేదాకా ఆగండి. తర్వాత ఆ బొమ్మ కథ చెప్పండి. ‘పనిచోట ఇక పెట్టను. మీకు కూడా అమ్మ డబ్బుల కోసం పెట్టను, ఒకటో తారీఖున పంపి మీకు చెబుతాను’ అని రెండూ కలిపే చెప్పండి. మొదటిది ఒప్పుకుని రెండోదానికి ముఖం మాడ్చుకుంటే, కోపం వేళ్ల బొమ్మ మీద కాదని మీకు అర్థమవుతుంది. అప్పుడు మీ ఇద్దరి మధ్య డబ్బు గురించి వేరే మాట నడవాలి. అవసరమైతే ఇద్దరూ నాకు రాయండి. పాస్‌వర్డ్‌లు అడగడం, ఉద్యోగం మానమనడం, చెయ్యెత్తడం దాకా వెళితే మాత్రం ఉత్తరం రాసి ఎదురుచూడకండి, 181కి ఫోన్ చేయండి.

సిరిమానుకి ముందు రోజు, సోమవారం తొలేళ్ల ఉత్సవానికే మీ వారిని కూడా రమ్మనండి. ఆయనా షిఫ్టు మార్చుకోవాలి కదా, ఈ వారమే చెప్పండి.