కలిగినందుకా, కలిగించినందుకా?

తమ్ముడూ,

నువ్వు పంపిన అనువాదం చూశాను. కెటిల్ కొన్నావిడ ఫిర్యాదు, షాపు యజమాని ఇంగ్లీషులో ఇచ్చిన జవాబు, నీ తెలుగు, మూడూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. నీ తెలుగు సాఫీగా నడిచింది. కాకపోతే యజమాని ఒప్పుకోని తప్పొకటి అతని నెత్తిన పెట్టావు.

ఆవిడ రాసింది మూడు సంగతులు. మొదటిసారి వాడినప్పుడే కెటిల్ అడుగు నుంచి కాలిన వాసన వచ్చింది, టేబుల్ మీద మచ్చ పడింది, షాపుకి ఫోన్ చేస్తే విసుక్కున్నారు. యజమాని ఆ కెటిల్‌ని ఇంకా కళ్లతో చూడలేదు. లోపం తయారీలో ఉందో, ఆవిడ ఇంటి ప్లగ్‌లో ఉందో అతనికి తెలీదు. అందుకే ఆవిడ పడ్డ ఇబ్బందికి బాధపడ్డాడు గానీ కారణం జోలికి పోలేదు. నువ్వేమో ఇలా మొదలుపెట్టావు: "మా కెటిల్ వల్ల మీకు అసౌకర్యం కలిగించినందుకు క్షమించండి."

"కలిగించినందుకు" అనగానే కలిగించినవాడొకడు ఉన్నట్టే, అది మేమే అన్నట్టే. "కలిగినందుకు" అంటే ఇబ్బంది వచ్చిందన్నంతవరకే, ఎవరు తెచ్చారో ఆ మాట చెప్పదు. తేడా చూస్తే సున్నాతో కలిపి ఒక్క అక్షరమే. రేపు ఆవిడ టేబుల్ ఖరీదు అడిగితే అవతలి వకీలు వేలుపెట్టి చూపించేది ఆ అక్షరాన్నే. ఇక "మా కెటిల్ వల్ల" అన్నది మూలంలో లేనే లేదు. కారణం చెప్పకపోతే వాక్యం వెలితిగా ఉందనిపించి నువ్వే చేర్చావు. ఇలాంటి జవాబుల్లో ఆ వెలితిని పూడ్చకూడదు.

"క్షమించండి" దగ్గర ఇంకాస్త ఆగాలి. ఇంగ్లీషువాళ్లు కాలు తొక్కినా సారీ అంటారు, చావు పరామర్శకు వెళ్లినా సారీయే అంటారు. మనం పరామర్శకు వెళ్లి క్షమించమని అడగం కదా. ఇక్కడ యజమాని వాడింది ఆ రెండో సారీని. "మీకిలా జరిగిందని తెలిసి చాలా బాధపడ్డాం" అంటే సరిపోతుంది. "విచారిస్తున్నాం" అని మాత్రం రాయకు, ప్రభుత్వ ప్రకటనలా బిగుసుకుపోతుంది.

జాగ్రత్త మరీ ఎక్కువైనా ప్రమాదమే. రెండో వాక్యంలో "కాలిన వాసన వచ్చిందట" అని రాశావు. ఆ "ట"తో నువ్వు నమ్మలేదని ఆవిడకి తెలిసిపోతుంది, వెక్కిరింపులా కూడా వినిపిస్తుంది. "కాలిన వాసన వచ్చిన మీ కెటిల్" అంటే అటు ఒప్పుకున్నట్టవుతుంది. "కాలిన వాసన వచ్చిందని రాశారు" అంటే ఆవిడ మాట ఆవిడదిగానే ఉంటుంది, అనుమానమూ కనబడదు. "మీకు అలా అనిపించినందుకు" అన్నది ఎప్పుడూ వాడకు. చదివినవాళ్లకి ఒళ్లు మండుతుంది.

చివర్లో "నష్టపరిహారంగా కొత్త కెటిల్ ఇస్తాం" అన్నావు. నష్టం చేసినవాడు చెల్లించేదే పరిహారం. యజమాని ఇస్తానన్నది మర్యాద కొద్దీ, బాధ్యత కొద్దీ కాదు.

ఫోన్ సంగతి వేరు. విసుక్కోవడం తమ తప్పేనని యజమాని ఇంగ్లీషులో సూటిగా ఒప్పుకున్నాడు. నువ్వు భయపడి దాన్ని కూడా "అసౌకర్యం"లో కలిపేశావు. అతను ఒప్పుకున్నదాన్ని నువ్వు దాచకూడదు. జవాబు మొత్తంలో "క్షమించండి" పడాల్సిన చోటు అదొక్కటే. అక్కడ పడితేనే మిగతా వాక్యాల్లోని బాధ కూడా నిజమని నమ్ముతారు.

నేనైతే ఇలా రాస్తాను:

"మీకిలా జరిగిందని తెలిసి చాలా బాధపడ్డాం. కెటిల్ నుంచి కాలిన వాసన వచ్చిందని రాశారు. కారణమేమిటో తెలియాలంటే కెటిల్‌ని పరీక్షించాలి, దయచేసి మాకు పంపండి, ఈలోగా దాన్ని వాడకండి. పరీక్షలో ఏం తేలినా, మా మర్యాదగా మీకు కొత్తది పంపుతాం. ఫోన్‌లో మా సిబ్బంది మీతో మాట్లాడిన తీరు సరికాదు, అందుకు మమ్మల్ని క్షమించండి."

"ఏం తేలినా" అన్నది యజమాని మాటే, నేను కల్పించింది కాదు. అది లేకపోతే కొత్త కెటిల్ పంపడమే ఒప్పుకోలులా కనిపిస్తుంది.

క్షమాపణ చెప్పినంత మాత్రాన తప్పు ఒప్పుకున్నట్టు కాదని కొన్నిచోట్ల చట్టమే ఉంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా 2006లో అలాంటి చట్టం చేసింది. అన్నిచోట్లా అలా లేదు, పైగా జవాబు ఎక్కడెక్కడ చదువుతారో మనకి తెలీదు. కాబట్టి చట్టం కాపాడుతుందన్న ధీమాతో మాట వదులు చెయ్యకు. చట్టపరంగా ఏది అనొచ్చో తేల్చాల్సింది యజమాని, అతని వకీలు. మనం వాళ్లు అన్నంతవరకే అనాలి.

పంపేముందు నీ తెలుగుని మూలం చూడకుండా మళ్లీ ఇంగ్లీషులో పెట్టి యజమానికి చూపించు. "ఇది నేను అనలేదే" అని అతను ఏ వాక్యం దగ్గర ఆగితే ఆ వాక్యం తిరగరాయి. టేబుల్ మచ్చ గురించి అతను ఒక్క ముక్కా అనలేదు. మరిచిపోయాడో, కావాలనే వదిలేశాడో అడుగు. అతను చెప్పేదాకా నువ్వు ఏమీ చేర్చకు.

మీ అన్నయ్య