జైనులను భోజనానికి పిలిచేముందు తెలుసుకోవాల్సినవి

ప్రశ్న: మా పక్కింట్లోకి ఒక జైన్ కుటుంబం దిగింది. మాంసం తినరని తెలుసు, కానీ ఆలుగడ్డ కూడా వద్దంటున్నారు, రాత్రి భోజనానికి రామంటున్నారు. అహింసకీ వీటికీ సంబంధం ఏంటి? పిలిస్తే ఏం వండాలి?

జవాబు: హైదరాబాద్ కాచిగూడలో మేం కొన్నేళ్లు ఒక శ్వేతాంబర జైనుల ఇంట్లో కింది పోర్షన్‌లో అద్దెకున్నాం. నాకు అర్థమైనంతలో వాళ్ల నియమాల్లో చాలావాటికి మూలం ఒక్కటే. జీవాన్ని చంపకపోవడంతో వాళ్లకి సరిపోదు, అసలు చంపాల్సిన పరిస్థితి రాకుండా చూసుకోవాలి. అందుకే తడి, నిల్వ, చీకటి అంటే అంత జాగ్రత్త.

నీళ్ల సంగతే చూడండి. పై ఇంటి ఆంటీ నీళ్లని మందపాటి గుడ్డ మడతపెట్టి వడకట్టి కాచేవారు. నూతి నీళ్లయితే గుడ్డలో మిగిలినదాన్ని మళ్లీ అదే నూతిలో వదలాలట, ఎక్కడి జీవి అక్కడికే పోవాలని. "కాచితే అందులో ఉన్నవి చచ్చిపోతాయి కదా ఆంటీ?" అని అడిగాను. ఆవిడేం ఇబ్బంది పడలేదు. పచ్చి నీళ్లలో జీవాలు పుడుతూ చస్తూనే ఉంటాయి, ఒకసారి కాచితే కొంతసేపు ఆ పుట్టడం ఆగుతుంది, హింస ఒక్కసారితో అయిపోతుంది అన్నారు. ఆ "కొంతసేపు"కి కూడా లెక్కుంది. కాచిన నీళ్లు వానాకాలంలో 3 జాములు, చలికాలంలో 4, ఎండాకాలంలో 5 జాములు పనికొస్తాయి. జామంటే దాదాపు 3 గంటలు. వానాకాలంలో తేమకి అన్నీ త్వరగా పుడతాయి కాబట్టి గడువు తక్కువ.

దుంపలదీ ఇదే తర్కం. ఆలు, ఉల్లి, వెల్లుల్లి, ముల్లంగి, క్యారెట్, పచ్చి అల్లం, వీటిలో ఒక్క శరీరంలోనే అనంత జీవాలు ఉంటాయని వాళ్ల నమ్మకం. పైగా తవ్వి తీసేటప్పుడు మట్టిలో పురుగులు పోతాయి. కానీ శొంఠి, ఎండు పసుపు వాడతారు, ఎండిపోయాక అందులో జీవం ఉండదని. మొదట్లో నాకిది లొసుగులా అనిపించింది గానీ వాళ్ల లెక్కలో పూర్తిగా పొసగుతుంది. కందిపప్పుకి ఆముదం రాసి నిల్వచేయడం మన ఇళ్లల్లోనూ ఉంది కదా, వాళ్ల దగ్గర అది పురుగు పట్టకూడదని మాత్రమే కాదు, పట్టిన పురుగుని మనం చంపాల్సి రాకూడదని కూడా.

చీకటి పడ్డాక వండితే దీపానికి వచ్చే పురుగులు గిన్నెలో పడతాయి, కంటికి కనపడవు. అందుకే సూర్యాస్తమయం లోపే భోజనం. గట్టిగా పాటించేవాళ్లు ఆ తర్వాత మంచినీళ్లు కూడా ముట్టరు, మళ్లీ సూర్యోదయమైన 48 నిమిషాల తర్వాతే. కరెంటు లైట్లు వచ్చాయి కదా అని మా ఇంట్లో వాదించేవాళ్లం, వాళ్లు మారలేదు.

బతుకుతెరువు విషయానికొస్తే, గృహస్థులకి వద్దని చెప్పిన 15 వృత్తుల జాబితా ఉంది. బొగ్గులు కాల్చడం, అడవి కొట్టడం, ఏనుగు దంతం, మద్యం, విషం అమ్మడం, చెరువులు ఎండగట్టడం లాంటివి. అంకుల్‌ది బట్టల వ్యాపారం. గోడౌన్ ఖాళీగా ఉన్నప్పుడు ఒక పురుగుమందుల డీలర్ మంచి అద్దె ఇస్తానంటే వద్దన్నారు, తర్వాత చాలాకాలం దానికి తాళమే. అలాగని జైనులంతా వ్యాపారులే అనుకోకండి, బెళగావి, కొల్హాపూర్ వైపు దిగంబర శాఖ జైన రైతులు బోలెడుమంది. దున్నితే జీవాలు పోతాయి నిజమే, కానీ కావాలని చేసే హింస వేరు, బతకడానికి చేసే పనిలో జరిగేది వేరు అని వాళ్ల శాస్త్రాలే విడదీశాయి. మరి వాళ్లకి పాలు ఎందుకు తప్పుకాదో నాకు ఇప్పటికీ మింగుడుపడదు. డైరీల్లో దూడల గతి చూసి పాలు మానేసిన జైన్ కుర్రాళ్లు ఇప్పుడు ఉన్నారు.

ఇక మీ వంట. టమాటా పప్పు, దొండకాయ వేపుడు, వేడి అన్నం, చపాతీ చాలు. వెల్లుల్లి, అల్లం పేస్టు దగ్గరికి పోకండి, వంకాయ కూడా గింజలెక్కువని చాలామంది తినరు. పొద్దున్న మిగిలిన అన్నంతో పులిహోర చేసినా పర్లేదేమో గానీ రాత్రి మిగిలింది మాత్రం వద్దు. మనం తప్పుచేసేది పెరుగు దగ్గర. కాచని పెరుగు, పప్పుధాన్యం కలిస్తే జీవాలు పుడతాయని వాళ్లు కలపరు, కాబట్టి పెరుగు గారెలు కుదరవు. మజ్జిగ పులుసు చేస్తే ముందు మజ్జిగ బాగా కాచి, ఆ తర్వాతే శనగపిండి కలపండి. చాతుర్మాస్యంలో ఆకుకూరలు, అష్టమి, చతుర్దశి రోజుల్లో ఆకుపచ్చ కూరగాయలేవీ చాలామంది తినరు. అందరూ ఇంత పట్టింపుగా ఉండరు, ఆ ఇంటి అబ్బాయే బయట సమోసా లాగించేవాడు. అందుకే మొహమాటపడకుండా ముందే మీ పక్కింటావిడని అడగండి, ఆదివారం మధ్యాహ్నానికి పిలవండి.