ఆ నెత్తురు ఎవరిది?

అమ్మలూ,

వచ్చే శనివారం గుడి మంటపంలో అన్నమయ్య పాటకి అర్థం చెప్పబోతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. అదీ "ఏమొకో చిగురుటధరమున" అట. విన్న క్షణంలో గుండె ఉప్పొంగింది, మరుక్షణం టెన్షన్ పట్టుకుంది. రాత్రి నిద్ర పట్టక ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

పాట మొత్తం చేత్తో రాసుకో. పాతమాటలకు అర్థాలు నిఘంటువులో చూసుకో. ఇవి నీకు చెప్పక్కర్లేదు. నా భయమల్లా వేరే. నువ్వు లేచి నిలబడి మొదటి మాటగా "నాయిక అంటే జీవాత్మ, నాయకుడు పరమాత్మ" అనేస్తావేమోనని. ఎందుకంటే నేను అలాగే అన్నాను.

నాకప్పుడు ముప్పై ఏళ్లు. ఇదే పాట, ధనుర్మాసంలో ఒక సాయంత్రం. కాగితం మీద రెండు గళ్లు గీసుకుని వెళ్లాను. ఎడమవైపు పాటలో మాట, కుడివైపు దాని "అసలు అర్థం". నాయిక జీవుడు, చెలులు గురువులు, కస్తూరి భక్తి, ఎర్రబడ్డ కళ్లు విరహం. లెక్క సరిపోయిందని మహా సంతోషం. మొదటి చరణానికి వచ్చాను. ఆమె కడకన్నులు కెంపెక్కాయి, ఎందుకో ఆలోచించండి అంటోంది చెలి. ఆ తర్వాతి మాటలు ఇవి:

"నలువున ప్రాణేశ్వరుపై నాటిన యా కొనచూపులు
నిలువున పెరుకగ నంటిన నెత్తురు కాదు కదా"

"భగవంతుడి కోసం ఏడ్చి ఏడ్చి జీవుడి కళ్లలో నెత్తురు చిమ్మింది" అని చెప్పాను. గొంతు కూడా వణికించాను. ముందు వరసలో ఒక ముసలావిడ, ఒళ్లో తులసిమాల కట్టుకుంటూ వింటోంది. దారం ఆపి తలెత్తి అడిగింది: "అమ్మా, ఆ నెత్తురు ఎవరిది?"

"నాయికదండీ" అన్నాను.

"చూపులు నాటింది ఆయనలో కదమ్మా. నాటినవి పెరికితే అంటుకునేది ఆయన నెత్తురే కదా?"

నాకు నోట మాట రాలేదు. ఆవిడ తప్పు పట్టాలని అడగలేదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది. మళ్లీ మాల కట్టుకోవడం మొదలుపెట్టింది. నేను మిగతాది ఎలా ముగించానో గుర్తులేదు.

ఇంటికొచ్చి పాట మళ్లీ తీశాను. అప్పుడు చదివాను, నిజంగా మొదటిసారి. ఆమె కొనచూపులు బాణాల్లా వెళ్లి ఆయనలో దిగాయి. వాటిని నిట్టనిలువునా పెరికి వెనక్కి తీసుకుంటే, ఆయన నెత్తురు అంటుకుని వచ్చింది. ఆ ఎరుపు ఆమె కళ్ల కొసల్లో కనిపిస్తోంది. గాయపడింది దేవుడు. ఏడుకొండల మీద కదలకుండా నిలబడ్డవాడికి ఒక ఆడదాని చూపు గుచ్చుకుని నెత్తురొచ్చిందని 15వ శతాబ్దపు భక్తుడు పాడుతుంటే, నేను దాన్ని తిరగేసి, మామూలుగా అందరూ చెప్పే జీవుడి ఏడుపుగా మార్చేశాను. సౌలభ్యం అని శ్రీవైష్ణవులు అంటారే, భక్తులకు చేతికందేవాడు కావడం, అది ఈ పాటలో సిద్ధాంతంగా కాదు, గాయంగా ఉంది. నా గళ్ల కాగితంలో దానికి చోటే లేదు.

ఇంకొకటీ తెలిసింది. అసలు ఈ పాటలో విరహమే లేదు. పెదవి మీద అక్కడక్కడ కస్తూరి, కళ్లలో ఎరుపు, ప్రియుడి గోటి గుర్తుల కాంతి పయ్యెద దాటి వేసవి వెన్నెలలా వెలుపలికి రావడం, చెక్కిళ్ల మీద ముత్యాల్లాంటి చెమట. అన్నీ కలయిక తర్వాతి గుర్తులే. ఆమె ఆయన్ని కలిసి వచ్చింది. ఎడబాటు వెతుక్కుంటే దొరకదు.

కాబట్టి తల్లీ, ఏ పాటకైనా ముందు అడగాల్సింది "ఎవరు ఎవరికి ప్రతీక" అని కాదు, "ఎవరు మాట్లాడుతున్నారు" అని. ఆళ్వార్ల పాటలకు వ్యాఖ్యానాలు రాసినవాళ్లు నాయిక గొంతు, చెలి గొంతు, తల్లి గొంతు అని వేరుచేసి చూశారు. నమ్మాళ్వారు తానే నాయికై పరాంకుశ నాయకిగా పాడినప్పుడు, ఆ నాయికలో జీవుణ్ణి చూడడం చక్కగా అతుకుతుంది. ఇక్కడ నాయిక ఒక్క మాటా మాట్లాడదు. మాట్లాడేది చెలి. నాయిక పేరు కూడా పాటలో లేదు. అలమేలుమంగ అనుకుని వినడం మన వాడుక. అలా అనుకుంటే ఆవిడ మన తరఫున స్వామికి చెప్పే అమ్మ. ఆవిడ చోట మనల్ని కూర్చోబెట్టుకోలేం. మన చోటు చెలుల పక్కన. చూస్తున్నాం, ఊహిస్తున్నాం. మూడు చరణాల్లో చెలి అడిగేది గమనించు: చింతింపరే, కనుగొనరే, ఊహింపరే. నువ్వు చేయబోయే పని అదే.

"కాదు కదా" అన్న మాటను మాత్రం పాడుచేయకు. పల్లవిలో అధరం చిగురుటాకు. ఆకు మీద కస్తూరి మరకలు అక్షరాల్లా ఉన్నాయి. అది విభుడికి రాసిన పత్రిక కాదు కదా, అంటోంది. పత్రం అంటే ఆకూ, ఉత్తరమూ. ఎంత అందమైన అనుమానం! చెలికే రూఢిగా తెలియనిదాన్ని నువ్వు "ఇది ఇదే" అని తేల్చేస్తే పాట అక్కడే ఆగిపోతుంది. "కావచ్చు" అను. వినేవాళ్లకు అది చాలు.

ఇప్పుడు నీ మీద కోప్పడాల్సిన సంగతి. ఆఖరి చరణం వదిలేద్దామనుకుంటున్నావట, పిల్లలు, పెద్దలు ఉంటారని. మీ నాన్నే చెప్పాడు. వద్దమ్మా. ఆ రోజు నేనూ సిగ్గుపడి దాన్ని వదిలేశాను. పల్లవిలో ఆయన "విభుడు". మొదటి చరణంలో "ప్రాణేశ్వరుడు". రెండో దాంట్లో "ప్రియుడు". ఎవరింటి మగడైనా కావచ్చు. "తిరువేంకటపతి" అన్న పేరు ఆఖరి చరణంలోనే వస్తుంది, అదీ "కౌగిట" అన్న మాట పక్కనే. సురతపు చెమటలున్న చరణాన్ని దాచేస్తే, దాంతోపాటు దేవుణ్ణీ దాచినట్టే. ఆయన లేకుండా ఇది భక్తి పాట అని దేంతో చూపిస్తావు?

శృంగారాన్ని పైతొక్కలా ఒలిచి లోపల వేదాంతం ఉందని చెప్పకు. తాళ్లపాక వారి రాగిరేకుల్లో అధ్యాత్మ సంకీర్తనలు, శృంగార సంకీర్తనలు అని విడివిడిగా ఉన్నాయి. వాళ్లకు రెండూ కావాలి, రెండూ ఆ స్వామివే. సురతం అన్న మాట వచ్చినప్పుడు తల వంచకుండా, సాగదీయకుండా, మామూలు గొంతుతో చెప్పి ముందుకెళ్లు. నీ గొంతు తడబడకపోతే ఎవరూ ఇబ్బంది పడరు.

చిన్నప్పుడు నా పక్కన పడుకుని "అత్తా, దేవుడికి దెబ్బ తగులుతుందా?" అని అడిగావు, గుర్తుందా? తగలదని చెప్పి పడుకోబెట్టాను. ఆ జవాబు కూడా తప్పేనమ్మా.

పాడే అమ్మాయికి మూడు చరణాలూ పాడమని ఇవాళే చెప్పు. శుక్రవారం రాత్రి బస్సుకి బయల్దేరుతున్నాను. ముందు వరసలో కూర్చుంటాను.

మీ అత్త