ఏ రోజు, ఏ క్లాసులో?

చి. స్వాతికి, ఆశీస్సులు.

నువ్వు పాఠం ఎలా చెబుతావో వివరిస్తూ రాసిన టీచింగ్ స్టేట్‌మెంట్ చదివాను. మొదటి పేజీకే నాకు విసుగొచ్చింది. ‘విద్యార్థి కేంద్రిత బోధన’ ఐదుసార్లు వచ్చింది. ఆ పేజీ కింద కెమిస్ట్రీ మాస్టారు సంతకం పెట్టినా, హిస్టరీ మేడమ్ పెట్టినా చెల్లుతుంది. అలా చెల్లే ప్రతి వాక్యాన్నీ కొట్టెయ్.

రెండో పేజీ చివర మాత్రం ఆగిపోయాను. సిరీస్‌లో కలిపిన రెండు బల్బులు చూసి ఒక అబ్బాయి, ‘మొదటిది కరెంటు వాడేసుకుంటుంది కదా మేడమ్’ అన్నాడని రాశావు. వెంటనే ‘ఇలాంటి అపోహలు తొలగిస్తాను’ అని దాటేశావు. ఎలా తొలగించావమ్మా?

ఆ రోజు సంగతి నాకు ఫోన్లో చెప్పావు. వెలిగించే ముందు చేతులెత్తమంటే, 32 మందిలో 19 మంది మొదటి బల్బే ఎక్కువ వెలుగుతుందన్నారు. తీరా వెలిగిస్తే రెండోది నిజంగానే కాస్త మసకగా ఉంది. ‘చూశారా!’ అన్నారు పిల్లలు. ఒకే రకం బల్బులైనా ఫిలమెంట్లలో చిన్న తేడా ఉంటుంది, ఈ ప్రయోగం బెడిసికొట్టేది అక్కడే. నువ్వు కంగారుపడకుండా రెండింటి చోట్లూ మార్చావు. మసక బల్బు మొదటి స్థానంలోకి వచ్చినా మసకగానే ఉంది. తర్వాత అమ్మీటరును బల్బులకు ముందు, మధ్యలో, చివర పెట్టి చూపించావు. మూడు చోట్లా ఒకటే రీడింగు. ఖర్చయ్యేది శక్తి, కరెంటు కాదని అప్పుడు చెప్పావు. ఇదీ నీ ఫిలాసఫీ. ఇది కాగితం మీద లేదు.

మరో వారానికి మూడు బల్బుల ప్రశ్న ఇస్తే ఐదుగురు మళ్ళీ తప్పు రాశారన్నావు. అది దాచకు. పిల్లలకు అర్థమైందో లేదో నువ్వు పరీక్షించి చూశావనడానికి సాక్ష్యం ఆ ఐదుగురే. వాళ్ళ కోసం తర్వాత ఏం మార్చావో కూడా రాయి.

నా మొదటి ఇంటర్వ్యూలో నేనూ నినాదాలే పట్టుకెళ్ళాను. ఒక పెద్దాయన కాగితం పక్కన పెట్టి, ‘ఇది ఏ రోజు, ఏ క్లాసులో జరిగింది?’ అని అడిగారు. నోట మాట రాలేదు. ఉద్యోగం రాలేదు. తర్వాత ఒక పత్రికకు క్లాసు అనుభవాలు పంపితే, ఆ ఎడిటర్ ఉదాహరణలన్నీ కోసేసి సూత్రాలు మిగిల్చాడు. ఆ కోపం ఇప్పటికీ పోలేదు. ఇప్పుడు కాలేజీల్లో కోర్సు ఫైళ్ళు కూడా అలాగే తయారయ్యాయి. ‘విశ్లేషించగలరు, మూల్యాంకనం చేయగలరు’ అని గళ్ళు నింపుతున్నారు. ఏ పిల్లవాడు ఎక్కడ తడబడ్డాడో రాయడానికి ఒక్క గడీ లేదు.

బల్బుల సంగతికి కనీసం అరపేజీ ఇవ్వు. దాన్ని మొదటి పేజీలోకి తీసుకురా. ఆ అబ్బాయి మాటను అతను అన్నట్టే ఉంచు. ఆ వారం జవాబు పత్రాలు నీ దగ్గర ఇంకా ఉన్నాయా? ఉంటే ఆ ఐదుగురూ రాసింది ఫోటో తీసి పంపు, ముందు అవి చూడాలి.