రంగు తేలిన సీసా, తాళం లేని అల్మారా

ప్రశ్న: లాయర్ గారూ, మా ఇంట్లో మూడేళ్ల పాప ఉంది. మా అన్నయ్య కొడుకు, పదిహేనేళ్లవాడు, మా దగ్గరే ఉండి చదువుకుంటున్నాడు. నాకు వారానికోసారి తాగే అలవాటుంది. సీసాలు హాల్లో అద్దాల అల్మారాలో ఉంటాయి, తాళం లేదు. మొన్న చూస్తే ఒక విస్కీ సీసాలో రంగు బాగా తేలిపోయి ఉంది. వాణ్ని అడగలేదు, మా ఆవిడకీ చెప్పలేదు. వాడి ఫ్రెండ్స్ కూడా ఇంటికి వస్తుంటారు. పిల్లలెవరైనా నా మందు తాగితే నా మీద కేసు అవుతుందా? నేనేం ఇవ్వలేదు కదా?

జవాబు: ఇవ్వడం వేరు, అందేలా వదిలేయడం వేరు. మీరు ఈ తేడాను నమ్ముకుని ఉన్నారు. అది నిజంగానే ఉంది, కానీ మీరు అనుకున్నంత వెడల్పుగా లేదు.

జువెనైల్ జస్టిస్ చట్టం, 2015 తీసుకోండి. దాని 77వ సెక్షన్ ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండని వారికి మద్యం ఇచ్చినా, ఇప్పించినా ఏడేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. డాక్టర్ సూచన మీద ఇస్తే తప్ప మినహాయింపు లేదు. ఇందులో 'ఇచ్చినా, ఇప్పించినా' అనే మాటలు ముఖ్యం. అల్మారా తెరిచి దొంగచాటుగా పోసుకున్న పిల్లాడికి మీరు ఇచ్చినట్టు కాదు. కాబట్టి ఈ సెక్షన్ మీ మీదికి సులభంగా రాదు. పండక్కో పార్టీకో 'ఒక్క గుటకేలే' అని మీ చేత్తో గ్లాసు అందిస్తే మాత్రం నేరుగా ఇందులో పడతారు. సరదాకి ఇచ్చానంటే కుదరదు.

అదే చట్టంలో 75వ సెక్షన్ ఉంది. బిడ్డ బాధ్యత వాస్తవంగా ఎవరి చేతిలో ఉందో, ఆ వ్యక్తి కావాలని నిర్లక్ష్యం చేసి బిడ్డకు అనవసరమైన బాధ కలిగే పరిస్థితి తెస్తే మూడేళ్ల దాకా జైలు గానీ, లక్ష రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ వేయవచ్చు. మీ పాప విషయంలో ఆ వ్యక్తి మీరు. మీ ఇంట్లో ఉండి చదువుకుంటున్న అన్నయ్య కొడుకు విషయంలోనూ మీరే. కన్నతండ్రి వేరే ఊళ్లో ఉన్నాడన్నది ఇక్కడ అడ్డు రాదు.

'కావాలని' అన్న మాట దగ్గరే మీ కథలో మలుపు ఉంది. మొన్నటిదాకా మీకేమీ తెలియదు. అల్మారాకు తాళం లేకపోవడం అజాగ్రత్త మాత్రమే. సీసాలో రంగు తేలిందని చూశాక మీకు తెలిసింది. తెలిశాక కూడా సీసాలు అక్కడే, అలాగే ఉంచితే అది వేరే కోవలోకి జారుతుంది. రేపు ఏదైనా జరిగితే మీకు పడే మొదటి ప్రశ్న 'ముందే అనుమానం వచ్చిందా?' అనేదే. నాకు రాసిన ఈ ఉత్తరమే దానికి అవునని చెబుతోంది. భయపెట్టడానికి అనడం లేదు, ఈ ఆదివారం దాకా ఆగవద్దని చెబుతున్నాను. చట్టం పేరు దేశాన్ని బట్టి మారుతుంది గానీ, ప్రమాదం ఊహించగలిగీ ఆపలేదా అన్న ప్రశ్న దాదాపు అన్ని చోట్లా అడుగుతారు. నష్టపరిహారం దావా వస్తే అక్కడా అదే ప్రశ్న.

ఇక అల్మారా సంగతి. మీ ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు కాబట్టి రెండు రకాల సమస్యలున్నాయి. వాటిని ఒకే తాళంతో తీర్చాలనుకుంటేనే తప్పు జరుగుతుంది. మూడేళ్ల పాపకు పై అర, లోపల తగిలించే చిన్న ప్లాస్టిక్ కొక్కెం కూడా చాలావరకు అడ్డమే. అవి పదిహేనేళ్లవాడికి లెక్కే కాదు. వాడికి తాళం కావాలి. తాళం ఉంటే సరిపోదు, తాళంచెవి ఎక్కడుందో వాడికి తెలియకూడదు కూడా. బీరువా పైన పెట్టిన చెవి, ఇంటి తాళాల గుత్తిలో వేలాడే చెవి దాచినట్టు కాదు. ఫర్నిచర్‌తో పాటు వచ్చే చిన్న తాళాలకైతే చాలా వాటికి ఒకే రకం చెవి పడుతుంది, ఇంకో అల్మారా చెవి తెచ్చి తిప్పితే తెరుచుకుంటుంది. ఒకసారి మీరే ప్రయత్నించి చూడండి. నంబర్ తాళమైతే పుట్టినరోజులు, బండి నంబర్ వద్దు.

తలుపు బందులు చూడండి. మడతబందు స్క్రూలు బయటికి కనిపిస్తుంటే తాళం ముట్టుకోకుండా తలుపే ఊడదీయొచ్చు. అద్దాల తలుపు సంగతి సరేసరి. లోపల ఏముందో చూపిస్తుంది, ఎంత ఉందో కూడా చూపిస్తుంది. ఆ సీసాలను గట్టి తలుపున్న, బందులు లోపలికుండే అరలోకి మార్చండి. ఫ్రిజ్‌లో బీరు ఉంటే అది ఈ కథలో రెండో తలుపు. పడుకునే ముందు దాన్నీ ఆ అరలోనే పెట్టి తాళం వేయండి.

రంగు తేలడం గురించి కాస్త. కొంచెం తాగి, అంత మేరకు నీళ్లు పోసి మట్టం కాపాడటం పాత ఎత్తే. తెల్లగా ఉండే వోడ్కాలో ఇది అసలు కనబడదు. ఒక చెంచాడు వోడ్కాను చిన్న ప్లాస్టిక్ గిన్నెలో పోసి రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టండి. నలభై శాతం ఆల్కహాల్ ఉన్నది ఇంటి ఫ్రీజర్‌లో మామూలుగా గడ్డకట్టదు. సగానికి సగం నీళ్లు కలిపినదైతే పొద్దుటికి మంచు తునకలు తేలుతాయి. కొద్దిగా కలిపితే ఈ పరీక్షకు దొరకదు. మట్టం గుర్తు పెట్టాలంటే సీసాను తలకిందులుగా పట్టుకుని, అప్పుడు కనిపించే మట్టం దగ్గర లేబుల్ మీద సన్నగా గీత గీయండి. మామూలుగా నిలబెట్టినప్పుడు అది గుర్తులా అనిపించదు. ఇవన్నీ తాళానికి బదులు కాదు. తాళం పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి మాత్రమే.

మూడేళ్ల పాపకు అసలు ప్రమాదం అల్మారా నుంచి వచ్చేది కాదు. నా దగ్గరికి వచ్చిన ఒక కేసు చెబుతాను. రాత్రి స్నేహితులొచ్చారు. తాగగా మిగిలిన గ్లాసులు టీపాయ్ మీదే ఉండిపోయాయి. సీసాలు మాత్రం భద్రంగా తాళంలో ఉన్నాయి. పొద్దున్నే అందరికంటే ముందు లేచింది ఇంట్లో చిన్న పిల్ల. గ్లాసుల్లో మిగిలినది తాగేసింది. పిల్ల మత్తుగా పడుకుంటే నిద్రే అనుకున్నారు. సుమారు రెండు గంటల తర్వాత ఒళ్లు చల్లబడి, కుదుపులు మొదలయ్యాక ఆస్పత్రికి తీసుకెళ్లారు. అక్కడ తండ్రి 'జలుబు సిరప్ ఎక్కువైందేమో' అన్నాడు, పోలీసు కేసవుతుందన్న భయంతో. డాక్టర్ రక్తంలో చక్కెర చూస్తే బాగా పడిపోయి ఉంది. రక్తపరీక్షలో ఆల్కహాల్ బయటపడింది. పిల్ల బతికి బయటపడింది, కానీ తర్వాత తండ్రిని ఇబ్బంది పెట్టింది టీపాయ్ మీది గ్లాసు కాదు, ఆ సిరప్ అబద్ధం.

ఎంత తాగితే ప్రమాదమో అంకెల్లో చూద్దాం. 30 మి.లీ. విస్కీలో సుమారు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. మీకది ఒక పెగ్గు. 13 కిలోల పిల్ల శరీరంలో అదే 100 మి.లీ. రక్తానికి వంద మిల్లీగ్రాములు దాటించగలదు. మన దేశంలో బండి నడిపేవారికి చట్టం పెట్టిన హద్దు 30. పైగా చిన్నపిల్లల కాలేయంలో చక్కెర నిల్వ తక్కువ, ఆల్కహాల్ ఆ నిల్వను నింపుకోనివ్వదు. అందుకే పిల్ల మత్తు వదిలినట్టు కనిపించినా కొన్ని గంటలకు చక్కెర పడిపోవచ్చు.

కాబట్టి అతిథులు వెళ్లగానే, ఎంత రాత్రయినా, గ్లాసులన్నీ సింకులో ఒంపేయండి. పాప ఏమైనా తాగిందని అనుమానం వస్తే వాంతి చేయించవద్దు, కాఫీ, చల్లనీళ్ల స్నానం వద్దు. మెలకువలేకుండా ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టి, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. ఏం తాగింది, సుమారు ఎంత, ఎప్పుడు, ఈ మూడూ నిజం చెప్పండి. సీసా వెంట తీసుకెళ్లండి. పిల్లను వెంటనే తెచ్చి ఉన్నదున్నట్టు చెప్పిన తల్లిదండ్రుల్ని కావాలని నిర్లక్ష్యం చేశారనడం ఎవరికైనా కష్టం. ఆలస్యం చేసి దాచిపెడితే ఆ మాట అనడం తేలిక.

ఇంకొకటి, చిన్నదే గానీ చెప్పాలి. మద్యాన్నీ ఔషధాన్నీ మనం ఒకే మాటతో మందు అంటాం. 'అది నాన్న మందు, ముట్టుకోకు' అని చెబితే, తియ్యటి సిరప్‌నే మందుగా ఎరిగిన పాపకు అది హెచ్చరిక కాదు, ఆశ. విస్కీని మంచినీళ్ల సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో పోసి పెట్టడం అంతకంటే ఘోరం. అసలు సీసాలోనే, అసలు లేబుల్‌తోనే ఉంచండి. చేతులు శుభ్రం చేసుకునే శానిటైజర్‌లో కూడా అరవై శాతం పైనే ఆల్కహాల్ ఉంటుంది, అదీ అదే అరలోకి వెళ్లాలి.

మీ ఆవిడకు ఇవాళే చెప్పండి. తాళం మీ ఒక్కరి దగ్గరే ఉండి, మీరు ఊరెళ్లిన రోజున ఆమెకు ఏమీ తెలియకుండా ఉండటం ఎవరికీ మంచిది కాదు. అన్నయ్య కొడుకును పిలిచి అడగండి, పోలీసులా కాదు. 'సీసాలో నీళ్లు కలిశాయి, తాళం వేస్తున్నాను, ఇక ఇది జరగకూడదు' అంటే చాలు, ఒప్పుకోలు రాబట్టనక్కర్లేదు. మీ అన్నయ్యకు ఫోన్ చేసి చెప్పి, తేదీ గుర్తుండేలా ఒక మెసేజ్ కూడా పెట్టండి. తెలిసిన వెంటనే మీరు చర్య తీసుకున్నారనడానికి తాళం కొన్న రసీదు, ఆ మెసేజ్ మీకు పనికొస్తాయి.

వాడి ఫ్రెండ్స్ విషయంలో మీకు ఇంకాస్త జాగ్రత్త అవసరం. మీ ఇంట్లో ఉన్నంతసేపూ వాళ్ల బాధ్యత మీది, కానీ తర్వాత ఫిర్యాదు రాసేది వాళ్ల తల్లిదండ్రులు. ఎవరైనా తాగి కనిపిస్తే దాచి, ముఖం కడిగి, బండెక్కించి ఇంటికి పంపేయాలనిపిస్తుంది. అలా పంపవద్దు. ఇంట్లోనే ఉంచి, పక్కన మనిషి ఉండి, వాళ్ల ఇంటికి ఫోన్ చేయండి. ఆ ఇంటివాళ్లు తిడతారు, తిట్టనివ్వండి.