మందుల షాపులో పాయింట్లా, గోల్డ్ కార్డా, క్యాష్‌బ్యాకా?

ప్రశ్న: మాకు గుంటూరు, తెనాలిలో కలిపి నాలుగు మెడికల్ షాపులున్నాయి. బీపీ, షుగర్ మందులు కొనేవాళ్లు యాప్‌లలో డిస్కౌంట్లు చూసి కొన్ని నెలలు మా దగ్గరికి రావడం లేదు. పాయింట్లు పెట్టాలా, సిల్వర్-గోల్డ్ కార్డులా, క్యాష్‌బ్యాకా?

జవాబు: క్యాష్‌బ్యాకే పెట్టండి. అయితే ఇవాళ్టి బిల్లులో కాకుండా, వచ్చే నెల బిల్లులో తగ్గేలా పెట్టండి.

ఏది ఇచ్చినా అది మీ మార్జిన్‌లోంచే పోతుంది. ధరల నియంత్రణలో ఉన్న మందులకు కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వు డీపీసీఓ 2013 రిటైలర్‌కు లెక్కగట్టే మార్జిన్ కొనుగోలు ధర మీద 16 శాతం. ఎమ్మార్పీ మీద చూస్తే 14 శాతం లోపే. మిగతా సరుకులో ఎక్కువే ఉంటుంది కాబట్టి, లెక్క కోసం నెలకు రూ.2,000 బిల్లయ్యే కస్టమర్ మీద మీకు రూ.388 మిగులుతుందనుకుందాం. ఆయన ఏడాదికి 8 సార్లు వస్తే రూ.3,104. అక్కడికక్కడే 10 శాతం తగ్గిస్తే నెలకు రూ.188 మిగులుతుంది. పాత లాభం రావాలంటే ఆయన ఏడాదికి 17 సార్లు రావాలి, ఉన్నవి 12 నెలలే! అదే మందుల మీద 3 శాతం, సబ్బులు, ప్రొటీన్ పౌడర్ల లాంటి వాటి మీద 6 శాతం క్యాష్‌బ్యాక్ ఇస్తే, బిల్లులో మందులు రూ.1,600 ఉన్నప్పుడు ఖర్చు రూ.72. మిగిలేది రూ.316. పదిసార్లు వస్తే చాలు, గిట్టుబాటు అవుతుంది.

వాడుకునే గడువు 45 రోజులు పెట్టండి. నెల మందులు అయిపోయే సరికి ఎస్సెమ్మెస్‌లో "మీకు రూ.72 ఉంది" అని వెళ్లాలి. వాడిన బిల్లులోనే దాన్ని డిస్కౌంట్‌గా చూపిస్తే, తగ్గించిన ధర మీదే జీఎస్టీ పడుతుంది.

పాయింట్లలో వాడనివి మీకు మిగులుతాయి, నిజమే. కానీ "140 పాయింట్లంటే ఎంత బాబూ?" అని కౌంటర్ దగ్గర అడగని పెద్దవాళ్లుండరు. గడువు పెట్టకపోతే అవి ఏళ్ల తరబడి పేరుకుని బాకీగా కూర్చుంటాయి.

గోల్డ్ కార్డు మాత్రం నాకు అస్సలు నచ్చదు. ఆపరేషనైన ఏడాది మందులకు లక్ష ఖర్చు పెట్టినాయన గోల్డ్, కోలుకోగానే సిల్వర్! జబ్బుకు హోదా ఇచ్చినట్టుంటుంది. పైగా ఏడాదికి 12 నెలలూ రూ.800 బిల్లు చేసే నమ్మకస్తుడు అందులో అట్టడుగున ఉండిపోతాడు. అలాంటివాళ్లకు మెట్లెందుకు? మందులు ఇంటికి పంపండి, షాపులో బీపీ చూడండి.

అసలు నష్టం ఎక్కడంటే, ఎలాగూ ప్రతి నెలా వచ్చేవాళ్లకు కూడా ఆ రూ.72 పోతుంది. అందుకే ముందు ఒక్క షాపులోనే ఆరు నెలలు నడపండి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో అదే మందుకు రెండు బిల్లుల మధ్య ఎన్ని రోజులుందో తీసి, మిగతా మూడు షాపులతో పోల్చండి. ఆ ఎడం తగ్గకుండా క్యాష్‌బ్యాక్ వాడకం మాత్రం పెరుగుతుంటే స్కీమ్ ఆపేయండి. డాక్టర్ చీటీ మీద ఇచ్చే మందులకు డబుల్ ఆఫర్లు మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు.